స్కాన్‌లో రక్తప్రసరణ కనిపిస్తే వృషణం మెలిపడనట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. పోయిన నెల ఒక రాత్రి నిద్రలోంచి లేచి ఎడమ వృషణం భరించలేనంత నొప్పి అన్నాడు, వాంతి కూడా అయింది. స్కాన్ చేసే టైముకి నొప్పి చాలావరకు తగ్గిపోయింది. ఎడమవైపు రక్తప్రసరణ ఎక్కువగా ఉంది, ఇన్ఫెక్షన్ అని చెప్పి యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మూత్రం పరీక్ష నార్మల్. మెలిపడితే రక్తం అందదంటారు కదా, వీడికి అందుతోంది కాబట్టి ఇక భయం లేనట్టేనా?

జవాబు:

భయం లేదని నేను అనలేనండి. నేను రేడియాలజిస్టుని, రాత్రి డ్యూటీల్లో ఎమర్జెన్సీకి వచ్చే ఇలాంటి నొప్పులకి స్కాన్ చేస్తుంటాను. నిద్రలోంచి లేపేసిన నొప్పి, వాంతి, ఏ మందూ పనిచేసేంత టైము లేకుండానే నొప్పి దిగిపోవడం, ఈ మూడూ కలిస్తే నాకు ముందు తోచేది ఇన్ఫెక్షన్ కాదు. వృషణానికి రక్తం తెచ్చే తాడు మెలిపడి, దానంతట అదే విడిపోయి ఉండొచ్చు. అది నిజమైతే మళ్లీ మెలిపడే అవకాశం ఉంటుంది, ఈసారి విడిపోకపోవచ్చు. అందుకే మళ్లీ నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఈ వారంలోనే ఒక యూరాలజిస్టుకి చూపించండి. ఎందుకిలా అంటున్నానో చెప్తాను.

వృషణానికి రక్తం అందేది పైనుంచి దిగే ఒకే తాడు ద్వారా. ధమని, సిరలు, వీర్యం వెళ్లే గొట్టం అన్నీ అందులోనే ఉంటాయి. చాలామందికి వృషణం వెనకవైపు సంచి గోడకి అతుక్కుని ఉంటుంది కాబట్టి తిరగదు. కొంతమందికి పుట్టుకతోనే ఆ అతుకు ఉండదు, వృషణం సంచిలో స్వేచ్ఛగా వేలాడుతుంటుంది. అలాంటివాళ్లకే ఎక్కువగా యుక్తవయసులో, ఒక్కోసారి నిద్రలోనే, తాడు తిరిగిపోతుంది. దీన్నే టార్షన్ అంటారు. మెలిపడగానే ముందు నొక్కుకుపోయేవి సిరలు, ఎందుకంటే వాటి గోడలు పలచన. ధమని గోడ మందం కాబట్టి కొంతసేపు తట్టుకుంటుంది. అంటే రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి మాత్రం మూసుకుపోతుంది. వృషణం పైపొర సాగేది కాదు, దాంతో లోపల ఒత్తిడి పెరిగి పెరిగి చివరికి ధమనిలో కూడా రక్తం ఆగిపోతుంది. తాడు ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత గట్టిగా బిగిసింది అన్నదాన్ని బట్టి ఇది వెంటనే జరగొచ్చు, కొన్ని గంటలు పట్టొచ్చు. స్కాన్‌లో కనిపించే గందరగోళం చాలావరకు ఇక్కడినుంచే పుడుతుంది.

పారే రక్తాన్ని తెర మీద రంగుగా చూపించే ఈ స్కాన్‌ని డాప్లర్ అంటారు. పూర్తిగా బిగిసిన కేసులో దాన్ని చదవడం పెద్ద కష్టం కాదు. నొప్పి లేనివైపు వృషణంలో రంగు చుక్కలు మామూలుగా మెరుస్తుంటాయి, నొప్పి ఉన్నవైపు లోపల ఏమీ ఉండదు. కాకపోతే "ఏమీ లేదు" అనాలంటే మెషీన్ సరిగ్గా సెట్ చేసి ఉండాలి. వృషణంలో రక్తం చాలా నెమ్మదిగా పారుతుంది. మెషీన్ వేగంగా పారే రక్తానికి సెట్ అయి ఉంటే ఆరోగ్యంగా ఉన్న వృషణం కూడా ఖాళీగానే కనిపిస్తుంది. అందుకే నేను ఎప్పుడూ ముందు బాగున్నవైపే ప్రోబ్ పెడతాను. వేగం స్కేలు కిందికి దించి, ఫిల్టర్ తగ్గించి, రంగు గెయిన్‌ని తెర మీద రక్తం లేనిచోట కూడా ఉత్తుత్తి చుక్కలు లేచేదాకా పెంచి ఒక మెట్టు వెనక్కి తెస్తాను. అక్కడ రక్తం స్పష్టంగా కనిపించాక ఒక్క బటన్ కూడా మార్చకుండా నొప్పి ఉన్నవైపుకి వస్తాను. ఆ తర్వాత రెండు వృషణాలూ ఒకే ఫ్రేములో పక్కపక్కన వచ్చేలా ఒక బొమ్మ తీస్తాను. ఆ ఒక్క బొమ్మ రిపోర్టులో రాసే పది వాక్యాల కన్నా ఎక్కువ చెప్తుంది. మీ దగ్గర ఫిల్ములు ఉంటే అలాంటిది ఉందేమో చూడండి.

మామూలు నలుపు-తెలుపు బొమ్మని మాత్రం మొదటి గంటల్లో నమ్మడానికి లేదు. మొదటి 4 నుంచి 6 గంటల దాకా మెలిపడిన వృషణం కూడా ఆ బొమ్మలో నార్మల్‌గానే ఉండొచ్చు. అది ఉబ్బి, మచ్చలు మచ్చలుగా నల్లబడిపోయిందంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు. 6 గంటల లోపు మెలిక విప్పితే దాదాపు అందరిలోనూ వృషణం దక్కుతుంది, 12 గంటలకి అవకాశం సుమారు సగానికి పడిపోతుంది, 24 గంటలు దాటాక దక్కడం అరుదు.

ఇన్ఫెక్షన్ తీరు వేరు. సూక్ష్మజీవులు మూత్రమార్గంలోంచి వీర్యం వెళ్లే గొట్టం వెంట వెనక్కి ఎక్కి, వృషణం వెనకాల ఉండే ఎపిడిడిమిస్ అడుగుభాగానికి ముందు చేరతాయి. కాబట్టి వాపు అక్కడ మొదలై తర్వాత వృషణానికి పాకుతుంది. నొప్పి కూడా ఒకటి రెండు రోజులుగా మెల్లగా ముదురుతుంది. జ్వరం, మూత్రంలో మంట తోడుండొచ్చు. స్కాన్‌లో ఎపిడిడిమిస్ లావుగా ఉబ్బి, రంగు పెట్టగానే మంటలా ఎర్రగా నిండిపోతుంది. ఒక చిక్కు ఏమిటంటే, టార్షన్‌లో కూడా ఎపిడిడిమిస్ ఉబ్బుతుంది, దానికీ రక్తం వచ్చేది అదే తాడులోంచి కదా. కాబట్టి వాపుని చూసి తేల్చకూడదు. వాచినచోట రంగు ఉందా లేదా అన్నది చూడాలి.

ఇక మీవాడి సంగతి. మెలిపడిన తాడు విడిపోగానే, అప్పటిదాకా రక్తం అందని వృషణంలోకి రక్తం ఒక్కసారిగా ఎగబడుతుంది. ఆ సమయంలో డాప్లర్ పెడితే రెండోవైపు కన్నా ఎక్కువ రంగు కనిపిస్తుంది, అచ్చం ఇన్ఫెక్షన్‌లాగే. తెర మీది బొమ్మ ఒకటే, కారణాలు రెండు. వాటిని విడదీసేది స్కాన్ కాదు, పిల్లాడు చెప్పే కథ. నొప్పి ఏ నిమిషంలో మొదలైంది, ఎంతసేపు ఉంది, స్కాన్ బల్ల ఎక్కేటప్పటికి ఎలా ఉంది అని అడగాలి. ఇన్ఫెక్షన్ నొప్పి గంటలో మాయం కాదు. ప్రోబ్ తగిలితే విలవిల్లాడాల్సిన పిల్లాడు హాయిగా పడుకుని "ఇప్పుడు బానే ఉంది" అంటుంటే, రంగు ఎక్కువగా ఉందని ఇన్ఫెక్షన్ రాసేయడానికి నాకు మనసొప్పదు. మూత్రం నార్మల్ అన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదని తేలిపోదు కానీ, ఈ వయసులో మిగతా లక్షణాలేవీ లేనప్పుడు ఆ అనుమానం బలహీనపడుతుంది. వృషణం మీద ఉండే చిన్న పులిపిరి లాంటి భాగం మెలిపడినా చుట్టుపక్కల రంగు పెరుగుతుంది. అది ప్రమాదం కాదు, నొప్పి మాత్రలతో పోతుంది. కానీ ఎక్కువగా ఇంకా చిన్న పిల్లల్లో వస్తుంది, ఆ నొప్పి కూడా ఇంత తొందరగా దిగదు.

రంగు ఉన్నా ప్రమాదమే అనడానికి ఇంకో రకం ఉంది. ఒక కేసు చెప్తాను. 16 ఏళ్ల కుర్రాడు, కుడివైపు నొప్పి మొదలై నాలుగు గంటలు. బయట చేసిన స్కాన్‌లో "రక్తప్రసరణ ఉంది, ఇన్ఫెక్షన్ కావచ్చు" అని రాసి ఉంది. కుర్రాడు మాత్రం మోకాళ్లు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు, ముఖమంతా చెమట. నేను పెట్టినప్పుడు కూడా లోపల రంగు కనిపించింది, నిజమే, కానీ ఎడమవైపుతో పోలిస్తే అక్కడక్కడా చుక్కలే. ఆ చుక్క మీద కర్సర్ పెట్టి గ్రాఫ్ తీశాను. ఆరోగ్యంగా ఉన్న వృషణంలో గుండె కొట్టుకునే దెబ్బకీ దెబ్బకీ మధ్య కూడా రక్తం ముందుకి పారుతూనే ఉంటుంది, గ్రాఫ్ ఎప్పుడూ గీత పైనే నడుస్తుంది. ఎడమవైపు అలాగే ఉంది. కుడివైపు మాత్రం ప్రతి దెబ్బకీ ఒక సన్నటి ముల్లు లేచి, వెంటనే గీత కిందికి జారిపోతోంది. అంటే వచ్చిన రక్తం ముందుకి పోలేక వెనక్కి తంతోంది. సిరలు మూసుకుపోయాయి, ధమని ఇంకా పెనుగులాడుతోందన్నమాట.

అప్పుడు ప్రోబ్‌ని వృషణం మీంచి తీసి తాడు వెంట మెల్లగా పైకి, గజ్జల దాకా జరిపాను. సమాంతరంగా సాగాల్సిన గొట్టాలు ఒకచోట ఉండలా చుట్టుకుపోయి ఉన్నాయి. ప్రోబ్ అడ్డంగా తిప్పి పైకీ కిందికీ కదిపితే ఆ గొట్టాలు సుడి తిరుగుతున్నట్టు కనిపించాయి. ఈ సుడి కనిపించాక వృషణంలో రంగు ఉందా లేదా అన్న చర్చ అక్కర్లేదు. రిపోర్టు టైపు చేయకుండానే సర్జన్‌కి ఫోన్ చేశాను. థియేటర్‌లో తెరిస్తే ఒక పూర్తి చుట్టు తిరిగి ఉంది. విప్పి వెచ్చటి తడిబట్ట చుట్టి కాసేపు ఉంచితే నీలం పోయి గులాబీ రంగు తిరిగింది. వృషణం వరకే చూసి తాడు చూడకుండా ఆపేసే స్కాన్ సగం స్కానే అని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగని అందరికీ స్కాన్ కావాలనీ కాదు. వృషణం వాచి, రాయిలా గట్టిగా ఉండి, పైకి లాక్కుపోయి, వాంతులవుతూ, తొడ లోపలివైపు గీరితే వృషణం పైకి కదలకపోతే, అనుభవమున్న సర్జన్ స్కాన్ కోసం ఆగడు, నేరుగా థియేటర్‌కి తీసుకెళ్తాడు. అది సరైన పనే. అనుమానం అటూ ఇటూ ఉన్నప్పుడే మా అవసరం.

మీరు యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు "ఇన్ఫెక్షన్ తగ్గిందా చూడండి" అనకండి. "ఉన్నట్టుండి వచ్చి, దానంతట అదే తగ్గింది, వచ్చి పోయే టార్షన్ కావచ్చా?" అని అడగండి. ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలాంటి చిన్న నొప్పులు వచ్చి పోయాయా అని బాబుని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, ఈ వయసు పిల్లలు సిగ్గుతో చెప్పరు. ఇప్పుడు మళ్లీ స్కాన్ చేస్తే అంతా నార్మల్ రావచ్చు, దానివల్ల అనుమానం తీరదు. డాక్టరుకి కూడా అదే అనిపిస్తే రెండువైపులా వృషణాలని సంచి గోడకి కుట్టేస్తారు. ఆ అతుకు లేకపోవడం సాధారణంగా రెండువైపులా ఉంటుంది కాబట్టి రెండూ కుట్టాల్సిందే.

ఈలోపు మళ్లీ నొప్పి వస్తే, అది అర్ధరాత్రి అయినా, ఆపరేషన్ చేయగల ఎమర్జెన్సీకే నేరుగా వెళ్లండి. ఉత్త స్కాన్ సెంటర్‌కి పోయి టైము పోగొట్టుకోవద్దు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకండి. ఇంట్లో చేత్తో తిప్పి చూడొద్దు, సుమారు మూడింట ఒక వంతు మందిలో మెలిక ఊహించిన దిక్కుకి ఉల్టా ఉంటుంది, ఇంకా బిగుస్తుంది. నొప్పి మొదలైన టైము కాగితం మీద రాసుకుని వెళ్లి మొదట అదే చెప్పండి. పాత రిపోర్టు చూసి "ఇన్ఫెక్షన్ తిరగబెట్టింది" అంటే, తాడుని గజ్జల దాకా చూశారా, సర్జన్ స్వయంగా వచ్చి పరీక్షించారా అని అడగండి.