నాన్నగారి తరఫున నోటీసుకు జవాబివ్వడం: ఆథరైజేషన్ లెటర్ ఎంతవరకు పనికొస్తుంది

"కొత్తపేట దగ్గర స్థలం అమ్మకం మీద నాన్నగారికి ఇన్‌కం టాక్స్ నోటీసు వచ్చింది. ఆయన తిరగలేరు. నాకు ఆథరైజేషన్ లెటర్ రాసిస్తే అన్నీ నేనే చూసుకోవచ్చా?"

అన్నీ కాదు తమ్ముడూ. 1961 చట్టం 288వ సెక్షన్ ప్రకారం బంధువు కూడా ప్రతినిధి కావచ్చు కాబట్టి, సీఏ కాకపోయినా కొడుకుగా నువ్వు హాజరవ్వొచ్చు, సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఇచ్చి వివరణ చెప్పొచ్చు. లెటర్‌లో నాన్నగారి పాన్, అసెస్‌మెంట్ ఇయర్, నోటీసు నంబరు రాసి ఆయన చేత సంతకం పెట్టించు. "నా పన్ను వ్యవహారాలన్నీ" అని గుండుగుత్తగా రాస్తే అది ఏ కేసుకో తేలక మళ్లీ అడిగే అవకాశం ఉంది. జవాబు ఆన్‌లైన్‌లో అడిగితే పోర్టల్‌లోని e-Proceedings లోనే ప్రతినిధిని చేర్చుకోవచ్చు.

ఆ లెటర్‌తో రిటర్న్ మీద ఆయన బదులు నువ్వు సంతకం చేయలేవు. ఆయన ఫోన్‌కి వచ్చే ఆధార్ ఓటీపీతో ఆయనే వెరిఫై చేయగలిగితే గొడవే లేదు, మంచం మీద నుంచైనా అయిపోతుంది. అదీ కుదరకపోతేనే పవర్ ఆఫ్ అటార్నీ రాయించాలి. రీఫండ్ వస్తే ఆయన ఖాతాకే వస్తుంది, నీ ఖాతాకి రాదు. 131 సెక్షన్ కింద ప్రమాణం చేయించి అడగడానికి ఆయన్నే స్వయంగా రమ్మంటే నువ్వు వెళ్లినా చెల్లదు, అప్పుడు డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి గడువు అడగండి.

ఇంకోటి, నువ్వు అక్కడ చెప్పే మాట ఆయన మాటగానే రికార్డవుతుంది. అడ్వాన్సుగా ఎంత నగదు తీసుకున్నారని అడిగితే గుర్తున్నంత చెప్పేయకు, అగ్రిమెంట్ కాగితం చూసి రాతపూర్వకంగా ఇస్తానను.