రిపోర్టు తేదీ ఒకటి, ఫైనాన్స్ తేదీ మరొకటి

*మేం గుంటూరు నుంచి పచ్చళ్లు, పిండివంటలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. అమెరికా ఆర్డర్లే ఎక్కువ. మా ఫైనాన్స్ వాళ్లు రాత్రి 9 గంటలకు రోజు ముగిస్తారు, ఆ తర్వాత వచ్చిన చెల్లింపులను మర్నాటి లెక్కలో వేస్తారు. మా రోజువారీ రిపోర్టు ఏ రోజూ వాళ్ల మొత్తంతో కలవడం లేదు, నెలాఖరుకు చూస్తే మాత్రం తేడా కొంచెమే. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, సర్వర్ యూటీసీలో నడుస్తుంది. ఎక్కడ సరిచేయాలి?*

నెల మొత్తం దాదాపు సరిపోతోందన్న మాటలోనే జవాబు సగం ఉంది. డబ్బు ఎక్కడా తప్పిపోలేదు, ఒక రోజు పద్దులో పడాల్సింది ఇంకో రోజు పద్దులో పడుతోంది. యూటీసీలో అర్ధరాత్రి అయ్యేసరికి మనకు తెల్లవారుజాము 5.30 అవుతుంది కాబట్టి, మీ రిపోర్టుకు రోజు అప్పుడు మొదలవుతుంది, ఫైనాన్స్ వారికి ముందురోజు రాత్రి 9 గంటలకే మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య ఎనిమిదిన్నర గంటలున్నాయి. అమెరికాలో అది పగటి వేళ కాబట్టి మీ అమ్మకాల్లో పెద్ద భాగం సరిగ్గా అక్కడే వచ్చి పడుతుంది.

2025 మార్చి 12 రాత్రి వచ్చిన మూడు చెల్లింపులు అనుకుని చూడండి. రాత్రి 8.40కి 1,200 రూపాయలు, 10.10కి 2,450 రూపాయలు, అర్ధరాత్రి దాటాక 1.20కి 3,100 రూపాయలు వచ్చాయి. యూటీసీలో ఇవి 15:10, 16:40, 19:50, మూడూ 12వ తేదీవే. అందుకే మీ రిపోర్టు ఆ రోజుకు 6,750 చూపుతుంది. ఫైనాన్స్ లెక్కలో 12వ తేదీకి చెందేది మొదటిది ఒక్కటే, మిగతా 5,550 రూపాయలు 13కి వెళ్తాయి.

కోడ్ ముట్టుకోకముందే ఒక పరీక్ష చేయండి. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 5.30 వరకు వచ్చిన చెల్లింపుల మొత్తాన్ని ఒక వారం పాటు ఏ రాత్రికారాత్రి విడిగా తీయండి. ఏ రోజైనా మీ రిపోర్టుకూ ఫైనాన్స్ మొత్తానికీ ఉన్న తేడా, ఆ రాత్రి మొత్తంలోంచి ముందు రాత్రి మొత్తాన్ని తీసేస్తే వచ్చేదానితో పైసల దాకా సరిపోవాలి. సరిపోతే మీ సమస్యకు కారణం గడియారం ఒక్కటే. సరిపోకపోతే రీఫండ్లో, రద్దయిన ఆర్డర్లో, రెండుసార్లు నమోదైన చెల్లింపులో కూడా కలిసి ఉన్నాయని అర్థం, వాటిని టైమ్ జోన్‌తో సరిచేయలేరు. నెలాఖరుకు తేడా ఎందుకు తగ్గుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది: మధ్య రాత్రులన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, నెల మొదట్లోని ఒక రాత్రి, చివర్లోని ఒక రాత్రి మాత్రమే మిగులుతాయి.

ఇలాంటి ఉత్తరాలు పంపేవారిలో ఎక్కువమంది అప్పటికే క్వెరీలో ఐదున్నర గంటలు కలిపి చూసి ఉంటారు. అలా చేస్తే రోజు అర్ధరాత్రికి మారుతుంది, 9 గంటలకు మారదు. కొందరు జోన్ పేరుగా `'IST'` అని రాస్తారు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ సెట్టింగుల్లో ఆ మూడక్షరాలకు అర్థం ఇజ్రాయెల్ ప్రామాణిక సమయం, అంటే యూటీసీకి రెండు గంటలు ముందు. ఎర్రర్ ఏదీ రాదు, లెక్క మాత్రం మూడున్నర గంటలు తప్పుతుంది. ఎప్పుడైనా `'Asia/Kolkata'` అని పూర్తిగా రాయండి. చెల్లింపు సమయం ఉన్న కాలమ్ `timestamptz` రకమేనా అన్నది కూడా చూసుకోండి, ఎందుకంటే జోన్ లేని `timestamp` మీద `AT TIME ZONE` వ్యతిరేక దిశలో పనిచేస్తుంది.

మన సమయానికి మూడు గంటలు కలిపి తేదీ తీసే చిన్న సూత్రంతో మీ మామూలు రోజులన్నీ సరిపోతాయి. అయినా నేను దాన్ని సిఫారసు చేయను, మార్చి 31 రాత్రి అది తప్పుతుంది. ఆ రాత్రి 10 గంటలకు వచ్చిన డబ్బును ఏప్రిల్ 1కి నెడితే అది మరో ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది, ఇన్‌వాయిస్ మీద మాత్రం మార్చి 31 అనే ఉంటుంది. ఫైనాన్స్ వారు ఆ ఒక్క రాత్రి అర్ధరాత్రి దాకా పద్దు తెరిచి ఉంచుతారేమో అడగండి. అలా ఉంచితే మార్చి 31 అనే వ్యాపార దినానికి 27 గంటలు, ఏప్రిల్ 1కి 21 గంటలు వస్తాయి. ఈ మినహాయింపును ఏ సూత్రమూ తనంతట తాను కనిపెట్టలేదు. అందుకే ప్రతి వ్యాపార దినానికీ మొదలు, చివర రాసి ఉంచే చిన్న టేబుల్ పెట్టండి, రిపోర్టు దాన్నే అడగాలి.

```sql
INSERT INTO business_day VALUES
 ('2025-03-31',
  '2025-03-30 21:00 Asia/Kolkata',
  '2025-04-01 00:00 Asia/Kolkata');

SELECT SUM(p.amount)
FROM business_day b
JOIN payment p ON p.paid_at >= b.starts_at
              AND p.paid_at <  b.ends_at
WHERE b.business_date = '2025-03-31';
```

చివరి హద్దు దగ్గర `<` మాత్రమే వాడటం ముఖ్యం. `BETWEEN` వాడితే సరిగ్గా 9:00:00కి వచ్చిన చెల్లింపు రెండు రోజుల్లోనూ లెక్కకు వస్తుంది, దాన్ని తప్పించడానికి 20:59:59 అని రాస్తే ఆ చివరి సెకను లోపల వచ్చినది ఏ రోజుకూ చెందదు. వ్యాపార దినం రిపోర్టు కోసం మాత్రమే. ఇన్‌వాయిస్ తేదీని దాని ప్రకారం ఎన్నడూ మార్చకండి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఈ `paid_at` విలువ ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న. ఫోన్ గడియారం చూపిన సమయాన్నే చెల్లింపు సమయంగా సర్వర్‌కు పంపే బిల్లింగ్ యాప్‌లను నేను ఎన్నో చూశాను, వాటిని తయారుచేసిన వారి నిర్లక్ష్యం మీద నాకు నిజంగా కోపం ఉంది. ఫోన్ సెట్టింగుల్లో ఆటోమేటిక్ సమయాన్ని ఆపి, గడియారాన్ని గంట వెనక్కి తిప్పడానికి ఎవరికైనా నిమిషం చాలు. ఎగ్జిబిషన్ స్టాల్‌లో నగదు తీసుకునే ఉద్యోగి రాత్రి 9.30కి వచ్చిన డబ్బును 8.50దిగా చూపితే, అప్పటికే లెక్క ముగిసిన రోజులోకి అది చేరిపోతుంది, ఎవరూ దాన్ని తిరిగి చూడరు. ముగిసిన రోజు పద్దు వెనకనుంచి మారడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ఆన్‌లైన్ చెల్లింపుకు గేట్‌వే పంపిన సమయాన్ని, నగదుకు మీ సర్వర్‌కు చేరిన సమయాన్ని మాత్రమే వాడండి. ఫోన్ సమయాన్ని పక్క కాలమ్‌లో దాచి, రెండింటి మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉన్నవాటిని రోజూ ఒకసారి మనిషి చేత చూపించండి. నెట్‌వర్క్ లేక ఆలస్యమైన నిజాయితీ గల బిల్లులూ అందులో ఉంటాయి, కానీ ఒకే ఫోన్ పేరు మళ్లీ మళ్లీ వస్తే అడగాల్సిందే. `business_day` టేబుల్‌లో గడిచిన రోజుల వరుసలను మార్చే హక్కు రిపోర్టు రాసేవారికి ఇవ్వకండి, ఒక్క గంట జరిపితే ఒక రోజు అమ్మకాలు ఇంకో రోజుకు వెళ్లిపోతాయి.

ఇక మిగిలింది ఆలస్యంగా చేరేవి. 8.58కి పూర్తయిన చెల్లింపు కబురు గేట్‌వే నుంచి 9.40కి రావచ్చు, మీ రిపోర్టు మాత్రం 9.05కే తయారై ఫైనాన్స్ వారి మెయిల్‌కు వెళ్లిపోయి ఉంటుంది. రిపోర్టును 10 గంటలకు జరపండి. ఆ తర్వాత వచ్చినవాటిని పాత రోజు మొత్తంలో గుట్టుగా కలపకుండా, మర్నాటి రిపోర్టులో "నిన్నటివి, ఆలస్యంగా వచ్చినవి" అని ఒక విడి వరుసలో చూపండి. అప్పుడు 12వ తేదీకి పంపిన మొత్తం ఎప్పుడు తెరిచి చూసినా అదే ఉంటుంది.