అందరూ 4, 5 వేశారంటే కంపెనీ ఈఆర్‌పీకి రెడీ అయినట్టేనా?

ప్రశ్న: సార్, నేను ఎంబీఏ సెకండియర్. జీడిమెట్లలో ఒక పంపుల ఫ్యాక్టరీలో ప్రాజెక్ట్ చేస్తున్నా. వాళ్లు ఏప్రిల్ 1 నుంచి ఈఆర్‌పీకి, అంటే స్టోర్స్, పర్చేజ్, అకౌంట్స్ అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడిపే పద్ధతికి మారుతున్నారు. కంపెనీ రెడీగా ఉందో లేదో, మార్పుకి మనుషులు ఎంత సిద్ధమో చూసే అడ్కార్ మోడల్‌తో తేల్చమన్నారు మా గైడ్. 5కి మార్కులు వేయమని గూగుల్ ఫామ్ పంపితే అందరూ 4, 5 వేశారు, సగటు 4.1 వచ్చింది. రెడీ అని రాసేయొచ్చా? ఈ ప్రాజెక్ట్ ఉద్యోగానికి పనికొస్తుందా, లేక అమీర్‌పేటలో శాప్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాలా?

జవాబు: రాసేయకు. "ఈ మార్పుకి మీ మద్దతు ఉందా?" అని ఆఫీసు నుంచి ఫామ్ వస్తే లేదని ఎవడు పెడతాడు చెప్పు, అందులోనూ పేరు రాయమని అడిగి ఉంటే ఇక 4.1 కాదు, 4.8 వచ్చినా ఆశ్చర్యం లేదు. పైగా ఆ మోడల్‌ని సగటు తీయడానికి తయారుచేయలేదు. ప్రోసై సంస్థ పెట్టిన జెఫ్ హయట్ దీన్ని ఒక్కో మనిషి మార్పులోకి ఎలా వస్తాడో చూసి ఐదు మెట్లుగా తయారుచేశాడు: మార్పు ఎందుకో తెలియాలి, తర్వాత అందులోకి రావాలని అనిపించాలి, తర్వాత ఎలా చేయాలో నేర్చుకోవాలి, తర్వాత చేతితో చేయగలగాలి, చివర్న అది నిలబడాలి. వరుస ముఖ్యం. ఒక్కోదానికి 5కి మార్కులు వేసి, ఎడమ నుంచి చూసుకుంటూ వెళ్తే మొదట ఎక్కడ 3 గానీ అంతకంటే తక్కువ గానీ కనిపిస్తుందో అక్కడ ఆగిపోవాలి. అదే అడ్డంకి. దాని తర్వాతవాటిలో ఎన్ని వచ్చినా ఇప్పటికి లెక్కలోకి రావు.

ఇంకొకటి, కంపెనీ మొత్తానికి ఒకే స్కోరు ఇవ్వకు. స్టోర్స్, పర్చేజ్, అకౌంట్స్, ప్రొడక్షన్ సూపర్‌వైజర్లు, ఎండీ, ఎవరికి వాళ్లకి విడిగా వెయ్యి. ఈఆర్‌పీలో ఒకరి ఎంట్రీ మీద ఇంకొకరి పని ఆధారపడి ఉంటుంది. స్టోర్స్‌లో సరుకు వచ్చినట్టు జీఆర్ఎన్ అనే రసీదు కొట్టకపోతే అకౌంట్స్‌లో సప్లయర్ బిల్లు పాస్ కాదు, షాప్ ఫ్లోర్‌కి ఇష్యూ పడదు. కాబట్టి అకౌంట్స్‌కి 5 వచ్చి స్టోర్స్‌కి 2 వస్తే ఆ కంపెనీ 3.5 దగ్గర లేదు, 2 దగ్గరే ఉంది.

స్టోర్స్‌నే తీసుకుందాం, మీ ఫ్యాక్టరీలో కూడా అసలు కథ అక్కడే ఉంటుందని నా అనుమానం. ఒక పూట అక్కడ కూర్చో, ఏమీ అడగకుండా చూడు. లారీ అప్పుడే దిగి ఉంటుంది, బేరింగుల పెట్టె ఇంకా విప్పనే లేదు, సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చి లైన్ ఆగిపోతుంది అన్నా ఒక ఇరవై ఇవ్వు అంటాడు. స్టోర్ కీపర్ ఒక చీటీ మీద సంతకం పెట్టించుకుని ఇచ్చేస్తాడు, చీటీలన్నీ సాయంత్రమో శనివారమో రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి. ఇలా చేయబట్టే ఇన్నాళ్లూ లైన్ ఆగలేదు, అందుకు ఆయనకి మంచి పేరు కూడా ఉంటుంది. కొత్త సిస్టమ్‌లో మాత్రం ముందు జీఆర్ఎన్, తర్వాత క్వాలిటీ వాళ్ల ఓకే, ఆ తర్వాతే ఇష్యూ. చీటీ మీద ఇచ్చేస్తే స్క్రీన్ మీద ఒక లెక్క, ర్యాక్‌లో ఇంకో లెక్క.

ఇప్పుడు ఆయన్ని రెండు ప్రశ్నలు అడుగు. ఈ సిస్టమ్ ఎందుకు పెడుతున్నారు? "పైన వాళ్లకి రిపోర్టులు కావాలట" అంటే మొదటి మెట్టుకే 2 వెయ్యి. దీనివల్ల మీకేం మారుతుంది? ఇక్కడ మాట కంటే ముఖం చూడు. ఇన్నాళ్లూ సంవత్సరాంతంలో సర్దేసుకున్న తరుగులు ఇకపై మర్నాడే ఆయన లాగిన్ కింద కనిపిస్తాయి, ఎంట్రీల పని ఆయనకి పెరుగుతుంది, సుఖం అకౌంట్స్ వాళ్లకి దక్కుతుంది. ఆయన ఫామ్‌లో 5 పెట్టినా రెండో మెట్టుకి నేనైతే 2 దాటనివ్వను. ఇలాంటి మనిషిని ట్రైనింగ్‌కి పంపితే టీ తాగి వస్తాడు. ముందు ఎండీ వచ్చి, పాత తరుగులు ఓపెనింగ్ స్టాక్ రోజుతో మాఫీ, అక్కడి నుంచే మీ బాధ్యత అని ఆయనకి స్పష్టంగా చెప్పాలి. స్టోర్స్‌కి ఒక డేటా ఎంట్రీ మనిషిని ఇవ్వాలి.

చేతికి వచ్చిందో లేదో కూడా ఫామ్‌లో తెలియదు. టెస్ట్ సిస్టమ్ ముందు కూర్చోబెట్టి ఒక పని ఇవ్వు: పర్చేజ్ ఆర్డర్ 100కి, వచ్చినవి 96, అందులో 2 రిజెక్ట్, ఎంట్రీ చేసి చూపించండి. పక్కనున్నవాణ్ణి అడగకుండా చేస్తే 4 వెయ్యి. ట్రైనింగ్ ఇంకా కాకపోతే ఇక్కడ 1 రావడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. చివరి మెట్టుని ఇప్పుడు కొలవలేం. పాత రిజిస్టర్లు, ఎక్సెల్ షీట్లు ఏ తేదీన ఆపేస్తారు, "ముందు లోడ్ పంపించెయ్, బిల్లు తర్వాత చూద్దాం" అని ఎండీయే ఫోన్ చేస్తే ఎవరు కాదంటారు, ఈ రెండింటికీ ఏం జవాబు వచ్చిందో రాసి పెట్టుకో.

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అమెరికాలో చాక్లెట్ కంపెనీ హెర్షీ ఇక్కడే దెబ్బతింది. నాలుగేళ్లు పట్టే పనిని రెండున్నరేళ్లకి కుదించి, 1999 జులైలో శాప్‌తో పాటు ఇంకో రెండు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి ఆన్ చేశారు, సరిగ్గా చాక్లెట్లు బాగా అమ్ముడయ్యే హాలోవీన్ పండగ ఆర్డర్లు మొదలయ్యే ముందు. సీజన్‌లో ఎక్కువైన సరుకుని సిబ్బంది అలవాటుగా తాత్కాలిక చోట్ల పెట్టేవాళ్లు, అది వాళ్ల బుర్రల్లోనే ఉండేది, సిస్టమ్‌లో ఆ చోట్లు లేవు. సరుకు ఉండి కూడా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు, ఆ త్రైమాసికంలో లాభం 19 శాతం పడిపోయింది. మీ స్టోర్ కీపర్ చీటీలు కూడా అదే జాతి.

అడ్కార్ మనుషుల్నే చూస్తుంది, డేటాని చూడదు. కాబట్టి రిపోర్టులో ఇంకో పేజీ కలుపు. ఐటమ్ లిస్టులోంచి ఒక యాభై ఐటమ్స్ తీసుకుని రిజిస్టర్ లెక్కనీ ర్యాక్ లెక్కనీ పోల్చు, ఒకే బేరింగు ఎన్ని పేర్లతో ఉందో చూడు. అందరూ మనస్ఫూర్తిగా సిద్ధంగా ఉన్నా ఓపెనింగ్ స్టాక్ తప్పుగా ఎక్కితే మొదటి వారంలోనే "సిస్టమ్ చెత్త" అనే మాట పుడుతుంది, ఇక దాన్ని ఆపడం కష్టం.

ఏప్రిల్ 1 సంగతి కూడా అడుగు. ఓపెనింగ్ బ్యాలెన్సులకి ఆ తేదీ సులువు, నిజమే. కానీ టెస్టింగ్, ట్రైనింగ్ అన్నీ మార్చిలో పడతాయి, అకౌంట్స్ వాళ్లు ఇయర్ ఎండింగ్‌లో తలెత్తలేని నెల అది. స్టోర్స్ రెండో మెట్టు దాటాక, స్టాక్ లెక్క సరిచేశాక జులై 1న మొదలుపెట్టండి అని రాస్తే అది తీర్పులా ఉంటుంది. ఉత్త "రెడీ", "నాట్ రెడీ" కంటే యాజమాన్యానికి అదే పనికొస్తుంది.

ఉద్యోగం సంగతి. మొత్తం కోర్సు ఫీజు ఇప్పుడే కట్టకు. ముందు ఆ ఫ్యాక్టరీలోనే టెస్టింగ్ టీమ్‌లో కూర్చోనివ్వమని అడుగు, జీతం లేకపోయినా సరే. తర్వాత కావాలంటే శాప్‌లో స్టోర్స్, పర్చేజ్ పనులు చూసే మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ మాడ్యూల్‌లో చేరు, క్లాసులో చెప్పే జీఆర్ఎన్ స్క్రీన్ వెనక ఏం జరుగుతుందో నీకు ముందే తెలిసి ఉంటుంది. కన్సల్టింగ్ కంపెనీల్లో చేంజ్ మేనేజ్‌మెంట్ టీములు ఉన్నాయి గానీ ఫ్రెషర్‌కి నేరుగా దొరకడం తక్కువ, ఫంక్షనల్ వైపు నుంచో, ట్రైనింగ్ వైపు నుంచో వెళ్లేవాళ్లే ఎక్కువ. ఇంటర్వ్యూలో మోడల్ పూర్తి పేరు చెప్పి ఆగిపోకు. ఫామ్‌లో 4.1 వచ్చినచోట నువ్వు 2 ఎందుకు వేశావో, ఆ 2 ని మార్చడానికి ఎండీతో ఏం చెప్పించమన్నావో చెప్పు.