ఆఫ్రికా పిక్కలకు డాలర్ ఆప్షన్: పలాస లెక్క

ప్రశ్న: పలాసలో మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. ఆఫ్రికా పిక్కలు తెప్పిస్తున్నాం, మూడు నెలల తర్వాత డాలర్లలో కట్టాలి. రేటు పెరుగుతుందేమోనని టెన్షన్. ఫార్వర్డ్ చెయ్యాలా, ఆప్షన్ కొనాలా? తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు, వాడి జీతానికి కూడా ఇది పనికొస్తుందా?

జవాబు:

తమ్ముడూ, మాది మీ పక్కనే కాశీబుగ్గ, ఇదే వ్యాపారం. 2022 మే నెలలో ఒక కంటైనర్‌కి బేరం కుదుర్చుకున్నాను. 25 టన్నులు, అంటే 80 కిలోల బస్తాలు సుమారు 312, మొత్తం 35,000 డాలర్లు. అప్పుడు డాలర్ 77న్నర. ఆ రేటుకే పప్పు ధర లెక్క వేసుకుని, రేటు పెరిగితే ఎలా అన్న ఏర్పాటేమీ చేయకుండా ఊరుకున్నాను. సెప్టెంబర్ చివర్లో కట్టే సమయానికి రేటు 81 దాటింది. లక్షా ఇరవై వేల పైనే అదనంగా పోయింది. బస్తాకు దాదాపు 390 రూపాయలు! మన వ్యాపారంలో బస్తాకు అంత మిగిలితే గొప్ప.

మరుసటి ఏడాది మే నెలలో అదే సైజు సరుకుకి బ్యాంకులో డాలర్ కాల్ ఆప్షన్ కొన్నాను. అప్పుడు రేటు 82.60 దగ్గర ఉంది. ఆగస్టు చివరి రోజున 83 రూపాయలకు 35,000 డాలర్లు కొనే హక్కు నాది, దానికి డాలర్‌కి 70 పైసల ప్రీమియం. ముందుగానే 24,500 కట్టేశాను, అంటే బస్తాకు 78 రూపాయలు. డాలర్ 87కి పోయినా నా ఖర్చు 83.70 దాటదు. ఆగస్టు చివరికి రేటు 82.70 దగ్గరే ఉంది కాబట్టి ఆప్షన్ వదిలేసి బజారు రేటుకే కొన్నాను. ప్రీమియం పోయింది, ఖర్చు 83.40 పడింది. నాకు బాధ లేదు, ఎందుకంటే పప్పు అమ్మేటప్పుడు 83.70 ఖర్చు పడుతుందని ముందే లెక్క కట్టి ధర చెప్పాను.

ఫార్వర్డ్ అంటే ఫలానా తేదీకి ఫలానా రేటుకి తప్పకుండా కొంటానని బ్యాంకుతో ఒప్పందం. అదే రోజు అది తీసుకుంటే 83కి అటూ ఇటూగా వచ్చేది, ప్రీమియం లేదు. సరుకు కచ్చితంగా వస్తుంది, తేదీ కదలదు అనుకుంటే ఫార్వర్డే చవక. మన పిక్కల్లో ఆ నమ్మకం తక్కువ. నాకు తెలిసిన ఒకాయన 47 పౌండ్ల అవుట్‌టర్న్‌కి, అంటే బస్తా పిక్కలకు 47 పౌండ్ల పప్పు రావాలని ఒప్పందం రాసుకున్నాడు. విశాఖ పోర్టులో శాంపిల్ కోసి చూస్తే 44 వచ్చింది, సరుకు తిరస్కరించాడు. అప్పటికే ఫార్వర్డ్ చేసి ఉన్నాడు, ఈలోగా డాలర్ తగ్గింది. ఫార్వర్డ్ రద్దు చేసుకుంటే ఆ తేడా మొత్తం, పైన ఛార్జీలు ఆయనే కట్టుకోవాల్సి వచ్చింది. ఆప్షన్ అయితే ప్రీమియంతో పోయేది. అందుకే ఖాయమైన కంటైనర్‌కి ఫార్వర్డ్, అనుమానం ఉన్నదానికి ఆప్షన్, ఇదీ నా పద్ధతి.

గడువు తేదీ మాత్రం చాలా జాగ్రత్త. ఓడ రెండు వారాలు ఆలస్యమైతే ఆప్షన్ ముందే ముగిసిపోతుంది, చెల్లింపు రోజుకి రక్షణ ఉండదు. కాస్త ఎక్కువ పైసలైనా సరే, చెల్లింపు తేదీకి రెండు మూడు వారాల అవతల గడువు పెట్టుకో.

పలాస బ్రాంచిలో వీళ్లకి పెద్దగా తెలియదు, విశాఖలోని ట్రెజరీ వాళ్లతో మాట్లాడించమని అడుగు. ఒప్పందం, ఇన్‌వాయిస్ తీసుకెళ్లు. ప్రీమియం డాలర్‌కి ఎన్ని పైసలో అడుగు, రెండు బ్యాంకుల్లో ఒకే గంటలో అడుగు. తేడా అక్కడే బయటపడుతుంది. "ప్రీమియం లేకుండా ఇస్తాం, బదులుగా మీరు ఒక ఆప్షన్ మాకు అమ్మండి" అంటే ఒప్పుకోకు. 2007-08లో తిరుప్పూర్ ఎగుమతిదారులు చాలామంది ఇలాంటి ఒప్పందాల్లోనే దెబ్బతిన్నారు.

ఎన్‌ఎస్‌ఈలోనూ డాలర్ ఆప్షన్లు ఉన్నాయి, లాటు 1,000 డాలర్లు, అంటే నీకు 35 లాట్లు. కానీ అక్కడ డాలర్లు చేతికి రావు, తేడా మాత్రం రూపాయల్లో వస్తుంది, డాలర్లు బ్యాంకులో విడిగా కొనాలి. నెలాఖరుకి రెండు పనిదినాల ముందే గడువు అయిపోతుంది. 2024 మే నుంచి నిజంగా డాలర్ లావాదేవీ ఉన్నవాళ్లే అందులో పాల్గొనాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన గట్టిగా అమలైంది, ఆ తర్వాత అక్కడ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ బాగా తగ్గిపోయారు. దూరపు నెలల్లో సరైన ధర దొరకడం కష్టం.

ఇక దుబాయ్‌లో ఉన్న నీ తమ్ముడి సంగతి. దిర్హం డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, కాబట్టి వాడి జీతం ఒకరకంగా డాలర్ జీతమే. వాడికి భయం డాలర్ తగ్గితేనే, నీకు పెరిగితే. నీ ఖర్చు పెరిగిన నెలలోనే వాడు పంపే దిర్హాలకు ఎక్కువ రూపాయలు వస్తాయి. నెలకు 3,000 దిర్హాలు పంపినా అది 817 డాలర్లే. దాని కోసం ఆప్షన్ కొనక్కర్లేదు. ఇంటి లెక్క మొత్తం ఒకటే అయితే, వాడు మూడు నెలల్లో పంపే సుమారు 2,450 డాలర్లను నీ 35,000లోంచి తీసేసి, మిగిలిన దానికే ఆప్షన్ తీసుకో.