భావవాదం, వాస్తవికవాదం: ఒకే లెక్క, రెండు తరగతి గదులు

ప్రశ్న: బి.ఎడ్.లో భావవాదం, వాస్తవికవాదం చదువుతున్నాను. ఒకరికి మనస్సు ముఖ్యం, ఇంకొకరికి వస్తువు ముఖ్యం అని బట్టీ పడుతున్నాం గానీ, తరగతి గదిలో నిజంగా తేడా ఏమిటండీ? పాఠ్యాంశాల ఎంపిక, బోధన ఎక్కడ మారతాయి?

జవాబు: చంద్రగిరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను కనుక, నాకు తెలిసిన ఒక్క లెక్కతోనే చెబుతాను. ఒక చతురస్రం ఉంది. దానికి సరిగ్గా రెట్టింపు వైశాల్యం గల చతురస్రాన్ని గీయాలి.

ప్లేటో రాసిన ‘మెనో’ సంభాషణలో సోక్రటీసు ఈ లెక్కనే చదువురాని ఒక బానిస కుర్రవాడికి ఇస్తాడు. భుజం 2 అడుగులు, వైశాల్యం 4. మనకు కావలసినది 8. కుర్రవాడు భుజాన్ని రెట్టింపు చేస్తే చాలంటాడు, 16 వస్తుంది. పోనీ 3 అంటాడు, 9 వస్తుంది. అప్పుడు తనకు తెలియదని ఒప్పుకుంటాడు. సోక్రటీసు అలాంటి నాలుగు చతురస్రాలను కలిపి పెద్ద చతురస్రం గీసి, ఒక్కొక్క దానికి కర్ణం గీసి, ప్రతి కర్ణం ఎంత భాగాన్ని కోస్తుందని అడుగుతాడు. సగం. నాలుగు సగాలు కలిస్తే 8. అంటే మొదటి చతురస్రపు కర్ణమే కొత్త చతురస్రానికి భుజం. జ్ఞానం ఆత్మలో ముందే ఉంటుందని, గురువు దానిని గుర్తుకు తెప్పిస్తాడని ప్లేటో దీనినుంచి వాదిస్తాడు. భావవాది ఉపన్యాసంకన్నా ప్రశ్నను నమ్ముకోవడానికి మూలం ఇదే. పాఠ్యప్రణాళిక కూడా ఇక్కడినుంచే వస్తుంది: ‘రిపబ్లిక్’లో అంకగణితం, రేఖాగణితం, ఖగోళం, స్వరశాస్త్రం ఉండేది వర్తకం కోసం కాదు, బుద్ధిని మారని సత్యాల వైపు తిప్పడానికి, ముప్పై ఏళ్ళు నిండాకే తర్కసంవాదం.

వాస్తవికవాది ఇదే లెక్కను ఆవరణలోకి తీసుకుపోతాడు. మా ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గుపిండితో 2 మీటర్ల చతురస్రం గీసి, కర్ణాన్ని టేపుతో కొలుస్తారు. సుమారు 2 మీటర్ల 83 సెంటీమీటర్లు వస్తుంది. ఆ కొలతతో మరో చతురస్రం గీస్తే రెట్టింపు అయిందని కళ్ళతోనే చూస్తారు. వస్తువును ముందు ఇంద్రియాలకు అందించాలన్న కొమీనియస్ 1658లో పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం అచ్చువేయించింది ఈ నమ్మకంతోనే. ఏ జ్ఞానం ఎక్కువ విలువైనదని 1859లో అడిగిన హెర్బర్ట్ స్పెన్సర్, విజ్ఞానశాస్త్రానికి పెద్దపీట వేసి, సాహిత్యాన్ని, కళలను తీరిక వేళల పనిగా చివరికి నెట్టాడు. (కొన్ని పుస్తకాలు ఆయనను ప్రకృతివాదుల్లో చేరుస్తాయి, మీ కళాశాల వాడే పుస్తకాన్ని చూసుకోండి.)

రెండు పద్ధతులూ ఎక్కడ తెగిపోతాయో చూస్తేనే తేడా పట్టుబడుతుంది. 2.83ను 2.83తో హెచ్చిస్తే 8.0089 వస్తుంది. టేపు సరిగా పట్టలేదని పిల్లలు మళ్ళీ కొలుస్తారు, 2.828 తీసుకుంటే 7.997584 వస్తుంది. ఎంత జాగ్రత్తగా కొలిచినా కొలత సరిగ్గా 8ని ఇవ్వదు, ఎందుకంటే ఆ పొడవు ఒక కరణీయ సంఖ్య. ఆ సంగతి టేపు చెప్పదు, తర్కమే చెప్పాలి. ప్రశ్నల పద్ధతి తెగేది వేరే చోట. సోక్రటీసు ప్రశ్నల్లో చాలావాటికి ‘అవును’ అంటే సరిపోతుంది, కనుక పిల్లవాడికి అర్థమైందో, తల ఊపుతున్నాడో తెలియదు. నేను వెంటనే 5 మీటర్ల భుజంతో అదే లెక్క ఇస్తాను. ఊరికే తల ఊపినవాళ్ళు 10 మీటర్ల గీత గీస్తారు. పైగా, వేరుశనగ వేరు మీద బుడిపెలు ఉంటాయని, చురుగ్గా పనిచేసే బుడిపెను కోస్తే లోపల గులాబీరంగు కనిపిస్తుందని ఎన్ని ప్రశ్నలు వేసినా పిల్లవాడి మనస్సులోనుంచి రాదు. మొక్కను పీకి చూపించాల్సిందే.

అందుకే నేను కొలతతో మొదలుపెట్టి, 8.0089 దగ్గర ఆగి, అక్కడినుంచి ప్రశ్నలకు మారతాను. కొలవకముందే ప్రశ్నలు వేస్తే అవి పిల్లలకు పొడుపుకథల్లా ఉంటాయి. కొలిచాక ఆ మిగులు ఎందుకొచ్చిందో వాళ్ళే తెలుసుకోవాలనుకుంటారు. ఇది మధ్యేమార్గం కాదు, నా దృష్టిలో భావవాదానికే మొగ్గు, ఎందుకంటే నిరూపణ దగ్గర తీర్పు చెప్పేది తర్కమే.

మూల్యాంకనంలోనూ ఇదే చీలిక ఉంది. ‘కర్ణం పొడవు ఎంత?’ అన్న బిట్టు ప్రశ్నకు 2.83 రాసినవాడికి మార్కు పడుతుంది; ఒకే సరైన సమాధానం, దిద్దేవారి అభిప్రాయంతో పని లేని పరీక్ష వాస్తవికవాదికి నచ్చేది. ‘కర్ణమే ఎందుకు కావాలి?’ అంటే పిల్లవాడు వాక్యాల్లో వాదించాలి, దిద్దేవారు ఓపికగా చదవాలి. మీ పరీక్షలో సిద్ధాంతాల పేర్లు రాశాక, ఈ రెండు ప్రశ్నలను పక్కపక్కన పెట్టి, ఏ వాదం దేనిని అడుగుతుందో రాయండి.