తపాలా పెట్టె మీద మీ పేరుందా?

తిరుపతిలో మా ఇంటికి ఉత్తరం రావడానికి పెద్ద చిరునామా అక్కర్లేదు. నాన్న పేరు, బైరాగిపట్టెడ అని రాస్తే చాలు, పోస్ట్‌మన్ వెతుక్కుంటూ వచ్చి ఇచ్చిపోతాడు. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింట్లో ఇచ్చి వెళతాడు. ఈ అలవాటుతోనే మన పిల్లలు జర్మనీలో దిగుతారు, మొదటి మూడు నెలల కష్టాల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. ఏటా నేను సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు చిత్తూరు, తిరుపతి నుంచి వెళ్లబోయే నలుగురైదుగురు ఫైళ్లు పట్టుకుని వస్తారు. వీసా గురించి, ఉద్యోగం గురించి అన్నీ అడుగుతారు. తపాలా పెట్టె గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ముందుగా పనుల వరుస చెబుతాను. అక్కడ అన్నిటికీ మూలం చిరునామా నమోదు, వాళ్ల మాటలో అన్‌మెల్డుంగ్. అది అయితేనే పన్ను సంఖ్య పుడుతుంది. నమోదు చేసిన ఊరిని బట్టే ఏ విదేశీయుల కార్యాలయం మీకు నివాస కార్డు ఇవ్వాలో తేలుతుంది. బ్యాంకు ఖాతాకు కూడా చాలా చోట్ల ఆ కాగితమే అడుగుతారు. ఇంటిలో చేరిన రెండు వారాల్లోగా నమోదు చేసుకోవాలని చట్టం, తప్పితే వెయ్యి యూరోల దాకా జరిమానా వేయవచ్చు. రుసుము మాత్రం లేదు.

దానికి పాస్‌పోర్టుతో పాటు ఒక కాగితం తప్పనిసరి: మీరు ఫలానా తేదీన ఈ ఇంట్లో చేరారని ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువీకరణ. 2015 నవంబర్ 1 నుంచి ఈ నిబంధన ఉంది. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. ఇల్లు ఇచ్చినవారు అంటే ఇంటి యజమానే కానక్కర్లేదు. స్నేహితుడు అద్దెకు తీసుకున్న ఇంట్లో ఒక గదిలో మీరుంటే ఆ స్నేహితుడే సంతకం చేయవచ్చు. గది ఇంకొకరికి ఇవ్వడానికి యజమాని అనుమతి ఉందా అన్నది అతని తలనొప్పి, అయినా ముందే అడిగి తెలుసుకోండి. నెల రోజులకు తీసుకునే సామానుతో కూడిన ఇళ్లలో కొందరు సంతకం పెట్టరు. డబ్బు కట్టేముందే ఈ ఒక్క ప్రశ్న అడగాలి. ఉండని ఇంటి చిరునామా మీద ఎవరో సంతకం అమ్ముతామంటే ఒప్పుకోవద్దు. అలా ఉత్తుత్తి చిరునామా ఇచ్చినవారికి యాభై వేల యూరోల దాకా జరిమానా ఉంది.

అపాయింట్‌మెంట్ సంగతి మన ఊరివాళ్లకు వివరించడం సులువు. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన రోజు ఎలా ఉంటుందో పెద్ద నగరాల్లో పౌరసేవా కార్యాలయాల అపాయింట్‌మెంట్లు అలా ఉంటాయి. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ ఖాళీ మళ్లీ తెర మీద కనిపిస్తుంది కాబట్టి పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూస్తూ ఉండండి. బెర్లిన్‌లో అయితే మీ పేటలోనే దొరకాలని లేదు, నగరంలో ఏ కార్యాలయానికైనా వెళ్లవచ్చు. రెండు వారాల్లోపు సమయమే దొరకకపోతే, వెతికిన తేదీల స్క్రీన్ చిత్రాలు దాచుకుంటే అడిగినప్పుడు చూపించవచ్చు.

నమోదు ఫారంలో మతం అనే గడి ఒకటి ఉంది. అది మర్యాదకు అడిగే ప్రశ్న కాదు, పన్నుకు అడిగేది. కాథలిక్ లేదా ప్రొటెస్టెంట్ అని రాస్తే మీ ఆదాయపు పన్ను మీద తొమ్మిది శాతం, బవేరియా, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రాల్లో ఎనిమిది శాతం చర్చి పన్నుగా జీతంలోంచి పోతుంది. చిత్తూరు వైపు నుంచి వచ్చే క్రైస్తవ కుటుంబాలు ఈ గడి అర్థం ముందే తెలుసుకుని నింపాలి, తర్వాత తప్పుకోవాలంటే వేరే కార్యాలయానికి వెళ్లి ప్రకటించాలి. హిందువులకు అక్కడ పన్ను వసూలు చేసే సంస్థ ఏదీ లేదు.

ఇప్పుడు అసలు కథ. చిత్తూరు నుంచి ఒక అబ్బాయి ఉద్యోగం మీద బెర్లిన్ వచ్చాడు. అక్టోబర్ 1న చేరాడు. మొదటి కొద్దిరోజులు కంపెనీ ఇచ్చిన హోటలు లాంటి ఇంట్లో ఉండి, 20న ఒక తెలుగు సహోద్యోగి ఇంట్లో గదికి మారాడు. సహోద్యోగి సంతకం చేశాడు, 30న నమోదు కూడా అయిపోయింది, నమోదు కాగితం చేతిలోనే పెట్టారు. నాకు ఫోన్ చేసి, 'అన్నా, అన్నీ అయిపోయాయి' అన్నాడు. 'తలుపు దగ్గర నీ పేరుందా?' అని అడిగాను. 'ఇల్లు అతనిదే కదా, అతని పేరుంది' అన్నాడు. కాగితం మీద రాసి ఇవాళే అంటించమన్నాను. వారాంతంలో చేస్తానన్నాడు, మరిచిపోయాడు.

పన్ను సంఖ్య కోసం ఎవరూ దరఖాస్తు చేయనక్కర్లేదు. మొదటిసారి నమోదు కాగానే ఆ సమాచారం కేంద్ర పన్నుల కార్యాలయానికి వెళుతుంది, వాళ్లు పదకొండు అంకెల సంఖ్యను ఉత్తరంలో పంపిస్తారు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ సంఖ్య జీవితాంతం ఒకటే. దీన్ని స్థానిక పన్ను కార్యాలయం ఇచ్చే మరో సంఖ్యతో కలపొద్దు, రెండో దాని అవసరం వార్షిక పన్ను లెక్కలు, స్వంత వ్యాపారం లాంటి వాటికి వస్తుంది. కంపెనీ అడిగేది మొదటిదే.

అబ్బాయి ఉత్తరం వచ్చే ఉంటుంది. కానీ అక్కడ పోస్ట్‌మన్ పెట్టె మీద ఉన్న ఇంటిపేరు చూస్తాడు, అంతే. మన అపార్ట్‌మెంట్లలోలా ఫ్లాట్ నంబరు చిరునామాలో ఉండదు, ఒకే ద్వారం వెనుక ఇరవై పెట్టెలుంటే పేరు ఒక్కటే గుర్తు. పెట్టె మీద అతని పేరు లేక ఆ ఉత్తరం 'ఈ చిరునామాలో లేరు' అని వెనక్కి వెళ్లిపోయింది. ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. మామూలుగా వచ్చే కాగితం రాకపోవడం మీకు కనిపించదు, అదే దీని మోసం.

నవంబర్ జీతం వచ్చినప్పుడు తెలిసింది. జీతాల విభాగం పన్ను సంఖ్య లేదని అతన్ని ఆరో పన్ను తరగతిలో వేసింది. మామూలు ఒంటరి ఉద్యోగి ఒకటో తరగతిలో ఉంటాడు, అతనికి ఏడాదికి కొంత ఆదాయం మీద పన్ను ఉండదు. ఆరో తరగతిలో ఆ మినహాయింపు లేదు, మొదటి యూరో నుంచే కోత. కొన్ని వందల యూరోలు తగ్గాయి. ఉద్యోగి తప్పు లేకుండా సంఖ్య ఆలస్యమైతే మూడు నెలల వరకు ఊహించిన తరగతితోనే లెక్కవేసే వీలు కంపెనీకి చట్టం ఇచ్చింది. అబ్బాయి ఆ సంగతి ముందే అడిగి ఉంటే బాగుండేది.

కేంద్ర కార్యాలయానికి మళ్లీ రాస్తే సంఖ్యను ఫోనులో, ఈమెయిల్‌లో చెప్పరు, మళ్లీ ఉత్తరమే పంపుతారు, ఇంకో నాలుగు వారాలు. అందుకే పాస్‌పోర్టు, నమోదు కాగితం పట్టుకుని స్థానిక పన్ను కార్యాలయానికి వెళ్లమన్నాను. అందరికీ అక్కడ చెబుతారని హామీ లేదు, అతనికి చెప్పారు. డిసెంబర్ జీతంలో కంపెనీ సరిచేసి ఎక్కువ పట్టింది తిరిగి ఇచ్చింది. అదే ఏడాదిలో సరిచేయకపోయినా డబ్బు పోదు, పన్ను రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది, కాకపోతే నెలలు ఆగాలి.

పేరు అంటించేటప్పుడు మనవాళ్లకు మరో చిక్కు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో అదే పెట్టె మీద ఉండాలి, ఇంట్లో పిలిచే పేరు కాదు. భార్యాభర్తలిద్దరికీ వేర్వేరు ఇంటిపేర్లుంటే రెండూ రాయండి. ఆమె పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉండి, పెట్టె మీద భర్తది మాత్రమే ఉంటే ఆమె బ్యాంకు కార్డు వెనక్కి వెళ్లిపోతుంది. కేరాఫ్ అని రాసుకోవడం మన పద్ధతే, చిరునామాలో స్నేహితుడి పేరు కేరాఫ్‌గా చేర్చే వీలుంటే అది అదనపు రక్ష. ప్రభుత్వ ఉత్తరాలు మాత్రం నమోదులో ఉన్నట్టే వస్తాయి, కాబట్టి పేరు అంటించడానికి ప్రత్యామ్నాయం లేదు.

బ్యాంకు విషయంలోనూ ఇదే. ఫోనులో తెరిచే ఖాతాలకు వీడియోలో గుర్తింపు తనిఖీ ఉంటుంది, మన పాస్‌పోర్టులను కొన్ని బ్యాంకులు అందులో అంగీకరించవు. అప్పుడు తపాలా కార్యాలయంలో తనిఖీ చేయించాలి, పాస్‌పోర్టుతో పాటు నమోదు కాగితం తీసుకెళ్లండి. కార్డు ఒక ఉత్తరంలో, రహస్య సంఖ్య మరో ఉత్తరంలో వస్తాయి, రెండూ ఆ పెట్టెలోకే. పన్ను సంఖ్యను సాధారణంగా తర్వాత ఇవ్వవచ్చు. ఎక్కడా ఖాతా దొరకకపోతే ప్రాథమిక ఖాతా అడగండి. 2016 నుంచి చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా, స్థిర చిరునామా లేనివారికి సైతం, దానికి హక్కుంది, బ్యాంకు పది పని దినాల్లో తేల్చాలి. విద్యార్థులు మరింత జాగ్రత్తగా ఉండాలి. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే నిర్బంధ ఖాతాలోని పదకొండు వేల తొమ్మిది వందల నాలుగు యూరోల నుంచి నెలకు 992 రావాలంటే మొదట ఈ మామూలు ఖాతా తెరవాలి.

నివాస కార్డుకు వీసా గడువు ముగియక ముందే దరఖాస్తు పెట్టాలి, ఇది మాత్రం రెండో మాట లేదు. వేలిముద్రలు ఇచ్చాక బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో కార్డు తయారై రావడానికి వారాలు పడుతుంది. 2025 మే 1 నుంచి కాగితం ఫోటోలు తీసుకోరు, డిజిటల్ ఫోటోనే. కార్డులోని ఆన్‌లైన్ గుర్తింపుకు కావలసిన రహస్య సంఖ్య ఉత్తరంగా వస్తుంది. మధ్యలో వీసా ముగిస్తే తాత్కాలిక కాగితం ఇస్తారు. దాని మీద గళ్లలో ఏ గడికి గుర్తు పెట్టారో చూసుకోండి: నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం అయితే పాత అనుమతే కొనసాగుతున్నట్టు, చెల్లెలి పెళ్లికి తిరుపతి వచ్చి తిరిగి వెళ్లవచ్చు. మూడో ఉపవిభాగమైతే దేశం దాటకండి. కార్డు చేతికి అందగానే పేరు, గడువు, వెంట ఇచ్చే అదనపు కాగితం మీద ఉద్యోగ షరతులు చదవండి. కార్డు గడువు పాస్‌పోర్టు గడువును దాటదు, కాబట్టి పాస్‌పోర్టుకు కొద్ది కాలమే మిగిలి ఉంటే బయలుదేరకముందే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో కొత్తది తీసుకోవడం మేలు.

నమోదు అయిన కొద్ది వారాలకు రేడియో, టీవీ రుసుము అడుగుతూ ఒక ఉత్తరం వస్తుంది, నెలకు పద్దెనిమిది యూరోల ముప్ఫై ఆరు సెంట్లు. ఇంట్లో టీవీ లేదు కదా అని పారేయకండి, అది మోసం కాదు, ఇంటికి ఒకటి చొప్పున అందరూ కట్టాల్సిందే. చిత్తూరు అబ్బాయి పేరు అంటించాక అతని పెట్టెలో మొదట పడిన ఉత్తరం అదే. సహోద్యోగి అప్పటికే కడుతున్నాడు కాబట్టి అతని రుసుము సంఖ్యను రాసి పంపాడు, రెండోసారి అడగలేదు.