గుర్తుల గదిలో అర్థం ఉందా?

ప్రశ్న: నేను బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. లాంగ్వేజ్ మోడళ్లకు అర్థం తెలియదని, అవి గుర్తులను అటూ ఇటూ మారుస్తాయంతేనని మా సార్ అంటారు. అది నిజమేనా అండీ? దీని మీదే పరిశోధన చేయాలంటే ఏం చదవాలి?

జవాబు: మీ సార్ మాటకు మూలం 1980లో అమెరికన్ తత్వవేత్త జాన్ సెర్ల్ రాసిన వ్యాసంలో కనిపిస్తుంది. చైనీస్ ఒక్క అక్షరం కూడా రాని మనిషిని గదిలో కూర్చోబెట్టి, ఏ గుర్తు లోపలికి వస్తే ఏ గుర్తు బయటికి పంపాలో చెప్పే నియమాల పుస్తకాన్ని అతనికి వచ్చిన భాషలో ఇచ్చామనుకోండి. పుస్తకం చూసి అతడు పంపే జవాబులు చదివి బయటివారు లోపల చైనీయుడే ఉన్నాడనుకుంటారు గాని, అడిగింది అన్నం గురించో ఆకాశం గురించో కూడా అతనికి తెలియదు. ప్రోగ్రామ్ చేసేదీ ఇదే కాబట్టి అందులో అర్థం పుట్టదని సెర్ల్ వాదించారు. మనిషికి తెలియకపోయినా గది మొత్తానికి తెలుసునని కొందరు బదులిస్తే, ఆ పుస్తకాన్నంతా అతడు కంఠస్థం చేసి బయటికి వచ్చినా చైనీస్ రాదు కదా అని ఆయన తిప్పికొట్టారు.

అయితే ఆ గదిలోని పుస్తకాన్ని ఎవరో ముందే రాసిపెట్టారు. నేటి మోడల్‌కు అలా ఎవరూ రాసి ఇవ్వరు. తర్వాత వచ్చేదాన్ని ఊహిస్తూ అదే తన లోపలి సంఖ్యలను సవరించుకుంటుంది. అలా లోపల ఏం తయారవుతుందో చూడటానికి కొందరు పరిశోధకులు 2022లో ఒథెల్లో ఆటను ఎంచుకున్నారు. 64 గళ్ల బల్ల ఉందనిగాని, నలుపు తెలుపు బిళ్లలు ఉంటాయనిగాని చెప్పకుండా, ఎత్తుల వరుసలు మాత్రమే ఇచ్చి ఒక చిన్న మోడల్‌కు శిక్షణ ఇచ్చారు. తరువాత ఎత్తులు చదివేటప్పుడు దాని లోపల పుట్టే సంఖ్యలను మరో చిన్న నెట్‌వర్క్‌తో పరిశీలిస్తే, ఏ గడిలో ఏ బిళ్ల ఉందో చాలావరకు చదవగలిగారు. అంతటితో ఆగితే, ఆ బల్ల పటం మోడల్‌లో లేదేమో, పరిశీలించే నెట్‌వర్కే దాన్ని కల్పించుకుందేమో అనే అనుమానం మిగిలిపోయేది. అందుకని ఆ సంఖ్యలను మార్చి, ఆ పటంలో ఒక బిళ్ల రంగు తిప్పి చూశారు. మోడల్ ఊహించే ఎత్తులు కూడా ఆ మారిన బల్లకు తగ్గట్టే మారాయి.

గుర్తుల నుంచే ఒక ప్రపంచపు పటం ఏర్పడగలదని దీన్నిబట్టి ఒప్పుకోవచ్చు. కానీ ఒథెల్లోలో ప్రపంచమంతా ఎత్తుల్లోనే ఉంది, చింతపండు పులుపు అలా మాటల్లో ఇమడదు. చింతపండు చారులో పడుతుందని, పళ్లు పులుస్తాయని మోడల్‌కు తెలిసినా, దానికి నాలుక లేదు. ఆ లోటును ఎంత పెద్దదిగా లెక్కించాలన్నదే అసలు తగవు, నా దృష్టిలో అది ఇంకా తేలలేదు. కాబట్టి మీ సార్ మాటలో ‘అంతే’ అన్న పదం ఒక్కటే తొందరపాటు.

చదువు సంగతికి వస్తే, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత పరిశోధనా కేంద్రం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర విభాగం, కాగ్నిటివ్ సైన్స్ కేంద్రం ఉన్నాయి. లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా ఉంటే, దరఖాస్తుకు ముందే ఒథెల్లో ప్రయోగాన్ని మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా మళ్లీ చేసి చూడండి. బిళ్ల రంగు తిప్పినా ఎత్తులు మారకపోతే, మీరు చదివిన పటాన్ని మోడల్ అసలు వాడుకోవడం లేదేమోనని అనుమానించాలి.